రాత్రి డ్యూటీ దిగి పండుకునే ముందు ఒక చిన్న గ్లాసు: పోర్ ఓవర్ కాఫీ పద్ధతి మొదటి నుంచి చివరిదాకా

ఉదయం ఎనిమిదిన్నరకు కర్నూలు పూర్తిగా లేచి ఉంటుంది. రాజ్ విహార్ సెంటర్లో ఆటోలవాళ్లు కల్లూరు, బిర్లా గేట్ అని కేకలేస్తుంటారు. ఉగ్గాని బండి దగ్గర మిరపకాయ బజ్జీలు నూనెలో తిరగబడుతుంటాయి. ఆ వేళకు నేను ఇంటికి పోయి పండుకోవాలి. పుట్టిన బిడ్డల వార్డులో నర్సుని. నైట్ పడిన వారం రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా అక్కడే. ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, తల మాత్రం ఇంకా వార్డులోనే తిరుగుతుంటుంది. కళ్లు మూస్తే మానిటర్ మోత వినిపిస్తుంది. చార్టులో నాలుగు గంటల ఫీడ్ రాశానా లేదా అని గుండె ఝల్లుమంటుంది. రాసే ఉంటాను, అయినా అంతే.

నాలుగేళ్ల కింద సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా తమ్ముడు ఒక ప్లాస్టిక్ గరాటు, ఫిల్టర్ పేపర్ల కట్ట తెచ్చి వంటింట్లో పెట్టిపోయాడు. గరాటు అంటే వాడికి కోపం. దాన్ని డ్రిప్పర్ అనాలట. జపాన్ హరియో కంపెనీ వీ60 రకం. గోడలు 60 డిగ్రీల కోణంలో దిగుతాయి, లోపల మెలికలు తిరిగిన గాట్లు, అడుగున ఒకే పెద్ద రంధ్రం. పేపరు పెట్టి, కాఫీ పొడి వేసి, వేడినీళ్లు సన్నగా పోస్తే డికాషన్ కింది గ్లాసులోకి దిగుతుంది. దీన్నే పోర్ ఓవర్ అంటారు. పోయడం, ఆగడం, మళ్లీ పోయడం. మొత్తం మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలే నన్ను వార్డులోంచి ఇంటికి తెస్తున్నాయి. అయితే పండుకునే ముందు తాగే కాఫీకి కొన్ని లెక్కలు వేరు. నాలాగా రాత్రి డ్యూటీలు చేసే అక్కలకు, తమ్ముళ్లకు ఉపయోగపడతాయని వాటినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదటి తప్పు: మామూలు కాఫీతో మొదలుపెట్టడం

మొదటి వారం తమ్ముడు తెచ్చిన మామూలు గింజల పొడితోనే చేసుకున్నాను. పోస్తున్నంతసేపు మనసు చల్లబడేది. తాగి పండుకుంటే మాత్రం పదకొండు, పన్నెండు, ఒంటిగంట. పైన ఫ్యాను తిరగడం చూస్తూ ఉండేదాన్ని. పద్ధతిలోనే లోపం ఉందనుకున్నాను. లోపం పొడిలో ఉంది.

లెక్క చూడండి. అరబికా గింజలో బరువులో దాదాపు 1.2 శాతం కెఫీన్ ఉంటుంది. నేను వాడేది 12 గ్రాముల పొడి, అంటే 140 మిల్లీగ్రాముల పైచిలుకు. ఈ పద్ధతిలో అందులో చాలా భాగం గ్లాసులోకి వచ్చేస్తుంది. 130 అనుకుందాం. పెద్దవాళ్లలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఉదయం తొమ్మిదికి తాగితే మధ్యాహ్నం రెండుకు ఇంకా 65 మిల్లీగ్రాములు ఒంట్లో ఉంటుంది. అది ఒక గట్టి టీ తాగినంత. అంటే నేను గాఢంగా నిద్రపోవాల్సిన వేళంతా ఎవరో పక్కన కూర్చుని టీ తాగిస్తున్నట్టే. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఈ ఐదు గంటలు దాదాపు రెట్టింపవుతుంది, గర్భిణుల్లో ఇంకా పెరుగుతుంది. మనలో ఈ రెండు రకాల వాళ్లూ చాలామందే ఉన్నారు.

రోజంతా మెలకువగా ఉంటే మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. నిద్ర ముంచుకొచ్చేలా చేసేది అదే. కెఫీన్ పోయి అడినోసిన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. అలసట పోదు, అలసిపోయామన్న సంగతి మెదడుకు చేరదు, అంతే. అందుకే "నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుంది" అనేవాళ్ల మాట నేను పూర్తిగా నమ్మను. పండుకునే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి 2013లో అమెరికాలో ఒక పరిశీలన చేశారు. నిద్ర గంటకు పైగా తగ్గింది. కళ్లు మూతపడినంత మాత్రాన నిద్ర నిండినట్టు కాదు.

కాబట్టి ఈ కాఫీకి కెఫీన్ తీసేసిన గింజలే కావాలి. డీకాఫ్ అని అడగాలి. మామూలుగా 97 శాతం దాకా తీసేస్తారు. నా 12 గ్రాములలో మిగిలేది నాలుగైదు మిల్లీగ్రాములు. పూర్తిగా సున్నా కాదు, నిద్రను చెరిపేంతా కాదు. కెఫీన్‌ను పచ్చిగింజ దశలోనే, వేయించకముందే తీస్తారు. కొందరు ద్రావకాలతో తీస్తారు. కొందరు నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని బొగ్గు ఫిల్టర్ గుండా పంపి తీస్తారు. రెండో దాన్ని స్విస్ వాటర్ పద్ధతి అంటారు. రుచి దాంట్లో నాకు బాగుంటుంది. మా ఊరి కాఫీ పొడి అంగళ్లలో డీకాఫ్ అడిగితే తెల్లమొహం వేశారు. బెంగళూరు నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాను. మామూలు గింజల కంటే ధర ఎక్కువే. నైట్ పడిన వారాల్లోనే చేసుకుంటాను కాబట్టి పావుకిలో ప్యాకెట్ నాకు ఇరవై గ్లాసులకు వస్తుంది.

ఇంకో మాట. ఉదయం డీకాఫ్ తాగినా, తెల్లవారుజామున నాలుగింటికి వార్డులో గట్టి టీ కొడితే ఇదంతా వృథా. రాత్రి ఒంటిగంట దాటితే నేను టీ కూడా ముట్టను. నిద్ర ఆపుకోలేని రాత్రులు ఉంటాయి, నాకూ ఉన్నాయి. అప్పుడు మొహం కడుక్కుని నిలబడే రాసుకుంటాను.

పొడి: ఇంట్లో ఉన్న ఫిల్టర్ కాఫీ పొడి పనికిరాదు

డీకాఫ్ రాకముందు ఒకసారి మా అమ్మ డబ్బాలోని ఫిల్టర్ కాఫీ పొడినే పేపర్లో వేశాను. మూడు నిమిషాల్లో దిగాల్సింది పన్నెండు నిమిషాలైనా చుక్కచుక్కగానే ఉంది. చివరికి దిగింది తారులాగా ఉంది, నాలుక ఎండిపోయేంత చేదు. కారణాలు రెండు. మన స్టీలు ఫిల్టరుకు పొడి చాలా సన్నగా ఆడతారు, అది పేపరు రంధ్రాలను మూసేస్తుంది. రెండోది చికోరీ. వేయించిన ఆ గడ్డ పొడి నీళ్లు తగలగానే మెత్తబడి జిగురుగా అతుక్కుంటుంది. స్టీలు ఫిల్టర్లో అది చిక్కదనాన్ని ఇస్తుంది, పేపర్లో దారి మూస్తుంది. చికోరీలో కెఫీన్ ఉండదన్న మాట నిజమే. కానీ అంగట్లో దొరికే మిశ్రమంలో మిగతాదంతా మామూలు కాఫీయే కాబట్టి నిద్ర లెక్క మారదు.

పోర్ ఓవర్‌కు పొడి ఉప్మా రవ్వలా ఉండాలి. వేళ్ల మధ్య నలిపితే గరుకుగా తగలాలి, వేలికి పిండిలా అంటకూడదు. డీకాఫ్ గింజ మామూలు దానికంటే పెళుసుగా ఉంటుంది. నీళ్లలో ఒకసారి నాని, మళ్లీ ఎండి, ఆ తర్వాత వేగిన గింజ కదా. గ్రైండర్లో పడితే దుమ్ము ఎక్కువ రాలుస్తుంది, ఆ దుమ్ము అడుగుకు దిగి నీటిని ఆపుతుంది. అందుకే గ్రైండర్‌ను మామూలు గింజకు పెట్టే దానికంటే ఒకటి రెండు గీతలు ముతకగా పెట్టుకోవాలి. ఈ సంగతి తెలియక నేను నెల రోజులు నీళ్లు పోయడాన్నే తిట్టుకున్నాను.

చేతి గ్రైండర్ ఉంటే మేలు. పన్నెండు గ్రాములు ఆడటానికి నిమిషం పడుతుంది, ఆ గరగర శబ్దం కూడా నాకు ఇష్టం. లేనివాళ్లు కొనేటప్పుడే "పోర్ ఓవర్‌కు ఆడించి పంపండి" అని రాస్తే చాలు. మిక్సీ వద్దు. మిక్సీలో సగం పిండి, సగం పలుకులు వస్తాయి. పిండి చేదు దింపుతుంది, పలుకులు పులుపు దింపుతాయి, రెండూ ఒకే గ్లాసులో ఉంటాయి. తప్పనిసరైతే నొక్కి వదిలి, నొక్కి వదిలి నాలుగుసార్లు తిప్పి, టీ వడగట్టే సన్న జల్లెడలో పిండిని రాల్చేయండి.

నీళ్లు: మన ఊళ్లలో సగం రుచి ఇక్కడే చెడుతుంది

మా ఇంట్లో బోరు నీళ్లు మరిగిస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. అనంతపురంలో మా పిన్ని ఇంట్లోనూ అంతే. ఆ తెల్లదనం కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్లది. అలాంటి నీళ్లలోని బైకార్బొనేట్ కాఫీలోని సన్నని పులుపును చంపేస్తుంది. తాగితే సుద్ద నాకినట్టు చప్పగా ఉంటుంది. సరే అని ఆర్‌వో క్యాన్ నీళ్లతో చేశాను. ఈసారి పలుచగా, పదునుగా, వెలితిగా ఉంది. కాఫీలోని రుచి పదార్థాలను బయటికి లాగడానికి నీళ్లలో కొంత ఖనిజం ఉండాలి. ఆర్‌వో ఆ ఖనిజాన్నే తీసేస్తుంది.

మా వీధి ప్లాంటు కుర్రాడి దగ్గర పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటుంది, నీళ్లలో కరిగిన ఖనిజాలు ఎంత ఉన్నాయో అది చూపిస్తుంది. అడిగి మా నీళ్లలో పెట్టి చూశాను. క్యాన్ నీళ్లు 30 చూపించాయి. తుంగభద్ర నుంచి వచ్చే మున్సిపాలిటీ కుళాయి నీళ్లు ఆ రోజు 340 చూపించాయి. కాఫీకి 150 చుట్టుపక్కల ఉంటే బాగుంటుందని ఆ పని తెలిసినవాళ్లు చెప్తారు. కాబట్టి కాచి వడగట్టిన కుళాయి నీళ్లు ఒక గ్లాసు, క్యాన్ నీళ్లు రెండు గ్లాసులు కలిపాను. లెక్క ప్రకారం 133 రావాలి, మీటరు దాదాపు అంతే చూపించింది. ఆ రోజు కాఫీలో మొదటిసారి ఏదో పండు వాసన తెలిసింది. ఖర్జూరం నానబెట్టిన నీళ్లలాంటి వాసన.

మీ ఊరి నీటి అంకె వేరేగా ఉంటుంది, మీటరు పెట్టి చూసుకోండి. అయితే మీటరు మొత్తం ఎంత ఉందో చెప్తుంది, ఏముందో చెప్పదు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో, ముఖ్యంగా అనంతపురం పల్లెల్లో, బోరు నీళ్లు ఒక్క గ్లాసు కూడా కలపొద్దు. రుచి కాస్త పలుచగా ఉన్నా క్యాన్ నీళ్లతోనే చేసుకోండి.

వరుస

డ్యూటీ దిగి ఇంటికి వచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకుంటాను. ఉదయం ఎండ కంట్లో పడితే ఒళ్లు పగలు మొదలైందనుకుంటుంది. ఇంటికి రాగానే స్నానం, తర్వాత రెండు ముద్దలు ఉగ్గాని. వట్టి కడుపున కాఫీ, డీకాఫ్ అయినా సరే, నాకు మంట పుట్టిస్తుంది. ఫోన్ హాల్లోనే చార్జింగ్‌కు పెట్టేస్తాను. సమయం చూడటానికి యూనిఫాం మీద పెట్టుకునే గడియారం తెచ్చి కడప బండ మీద పెడతాను. దాంట్లో సెకన్ల ముల్లు ఉంది, నాడి చూసేది దాంతోనే. ఫోన్లో టైమర్ పెడితే చేయి వాట్సాప్ గ్రూపులోకి పోతుంది. అక్కడ ఎవరో ఒకరు తర్వాతి వారం డ్యూటీల గురించి రాసే ఉంటారు.

నీళ్లు 300 మిల్లీలీటర్లు కాస్తాను. 190 కాఫీకి, మిగతావి పేపరు తడపడానికి. పేపరు అతుకు ఉన్న అంచును మడిచి డ్రిప్పర్లో కుదురుగా కూర్చోబెట్టి, మరిగే నీళ్లు వంద మిల్లీలీటర్ల దాకా చుట్టూ పోసి తడిపి, కిందికి దిగిన నీళ్లు పారబోస్తాను. కాగితం వాసన పోతుంది, గ్లాసు వెచ్చబడుతుంది. ఈ పేపరు ఆలోచన మొదట వచ్చింది మెలిట్టా బెంట్జ్ అనే జర్మన్ ఇల్లాలికి. 1908లో కొడుకు స్కూలు నోట్‌బుక్కులోని అద్దుడు కాగితం చించి, చిల్లులు పెట్టిన ఇత్తడి గిన్నెలో వేసి కాఫీ వడగట్టిందట. వంటింట్లో పుట్టిన పనిముట్టు కాబట్టే చేతికి ఇంత సులువుగా కుదురుతుందని నాకనిపిస్తుంది.

పొడి 12 గ్రాములు తూచి వేసి, డ్రిప్పర్‌ను మెల్లగా తట్టి పైభాగం సమంగా చేస్తాను. త్రాసు మీద గ్లాసు, దాని మీద డ్రిప్పర్, అంకె సున్నాకు తెస్తాను. వంటింటి చిన్న త్రాసు చాలు. స్పూన్లతో కొలిస్తే రోజుకో రుచి వస్తుంది. మందును అందాజుగా పోసే అలవాటు మనకు లేదు కదా, దీనికి కూడా వద్దు.

నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, మూత తీసి, సన్న మూతి ఉన్న స్టీలు కూజాలోకి మారుస్తాను. ఒక పాత్ర నుంచి మరో పాత్రలోకి మారిస్తేనే వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. డీకాఫ్‌కు 90 డిగ్రీలు సరిపోతుంది. సలసల మరిగేవి పోస్తే చేదు తొందరగా దిగుతుంది. మొదటి రెండు రోజులు వంటింటి థర్మామీటర్ పెట్టి చూసుకోండి, మీ పాత్రలో 90కి ఎంతసేపు పడుతుందో తెలిసిపోతుంది. నా కూజాలో రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు కిటికీ తెర వేసి, పక్క సర్దుకుంటాను.

ఇక పోయడం. మొదట 30 గ్రాముల నీళ్లు, పొడి అంతా తడిసేలా మధ్య నుంచి చుట్టూ. తర్వాత 40 సెకన్లు ఏమీ చేయకూడదు. దీన్ని బ్లూమ్ అంటారు. వేయించిన గింజలో చిక్కుకున్న గాలి ఇప్పుడు బయటికి వస్తుంది. అది పోకముందే ఎక్కువ నీళ్లు పోస్తే నీరు పొడిలోకి పోకుండా పక్కకు జారుతుంది. మామూలు తాజా పొడి పూరీలా ఉబ్బుతుంది. డీకాఫ్ అంత ఉబ్బదు, దాంట్లో గాలి తక్కువ నిలుస్తుంది. పాడైన పొడి అనుకోకండి. కొన్ని బుడగలు వచ్చి పగులుతాయి, పొడి మెరుస్తుంది, మెల్లగా కుంగుతుంది. తొలకరి పడినప్పుడు మా నల్లరేగడి చేను ఇట్లాగే ఉంటుంది, నీళ్లు తాగి ముదురురంగుకు తిరిగి, వాసన పైకి లేస్తుంది. ఆ వాసన కోసమే వంగి నిలబడతాను. లోపలికి నిండుగా ఒక శ్వాస, బయటికి ఇంకాస్త మెల్లగా. నలభై సెకన్లలో నాలుగైదు శ్వాసలు.

నలభయ్యో సెకనుకు రెండోసారి, 40 గ్రాములు. అక్కడి నుంచి ముప్పై సెకన్లకోసారి మళ్లీ నలభై, మొత్తం నాలుగుసార్లు. 30కి నాలుగు నలభైలు కలిస్తే 190. ఒక్కో నలభై పోయడానికి పది సెకన్లు తీసుకోవాలి. రూపాయి నాణెమంత చుట్టుతో మధ్యలో మొదలుపెట్టి, అంచు దాకా పోకుండా వెనక్కి రావాలి. పేపరు గోడ మీద పోస్తే నీళ్లు పొడిని తాకకుండానే కిందికి జారిపోతాయి.

ఈ పోయడం నాకు తొందరగా పట్టుబడింది, కారణం పాలడై. చప్పరించే బలం లేని బిడ్డలకు మేము స్టీలు ఉగ్గుగిన్నెతో పాలు పడతాం. ముక్కులా సాగిన దాని అంచును పెదవి మూలకు ఆనించి, బిడ్డ మింగే వేగానికి తగ్గట్టు గిన్నె వంచుతాం. చేతిని కాదు, మణికట్టును వంచుతాం. మోచేయి ఒంటికి ఆనుకుని ఉంటుంది. కూజాతోనూ అంతే. మోచేయి పక్కకు ఆనించి మణికట్టు తిప్పితే ధార పెన్సిల్ కంటే సన్నగా, తెగకుండా వస్తుంది. కొంగ మెడలాంటి మూతి ఉన్న కెటిల్ కొంటే ఇంకా సులువు, కానీ అది లేకుండానే నేను రెండేళ్లు నెట్టుకొచ్చాను.

చివరి నీళ్లు పోశాక డ్రిప్పర్‌ను ఒకసారి గుండ్రంగా తిప్పి వదిలేస్తాను. మూడు నిమిషాల దగ్గర ధార చుక్కల్లోకి మారుతుంది. మెడికల్ వార్డులో ఉన్నప్పుడు సెలైన్ చుక్కలు లెక్కపెట్టిన కన్ను ఇది. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు, అర లీటరు నాలుగు గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి నలభై రెండు. ఇక్కడ కూడా చూపు చుక్క మీదే నిలుస్తుంది. చుక్కకూ చుక్కకూ మధ్య ఒక సెకను దాటితే డ్రిప్పర్ తీసేస్తాను. ఆ తర్వాత పడేది చేదే. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పట్టుకుంటుంది కాబట్టి గ్లాసులోకి వచ్చేది 165 మిల్లీలీటర్లు. పండుకునే ముందు అంతకంటే ఎక్కువ తాగితే రెండు గంటలకే బాత్రూంకు లేపుతుంది.

పాలు, చక్కెర కలపను. ఈ డికాషన్ పలుచన, పాలు పోస్తే కొట్టుకుపోతుంది.

చెయ్యి వణికిన ఉదయం

తప్పును ఎట్లా పట్టుకోవాలో ఒక ఉదయం సంగతితో చెప్తాను. ఆ రాత్రి కిలో రెండొందల గ్రాముల బిడ్డకు ట్యూబు తీసి మొదటిసారి పాలడై మొదలుపెట్టాం. పదిహేను మిల్లీలీటర్లు. సగం బాగా తాగింది, తర్వాత ఒక గుటక తప్పింది. దగ్గింది, రంగు మారింది, మానిటర్లో ఆక్సిజన్ 82కు పడింది. ఆపి, పక్కకు తిప్పి, వీపు నిమిరాను. నిమిషంలోపే 94కు వచ్చింది. డాక్టరు వచ్చి చూసి పరవాలేదన్నారు. తర్వాతి ఫీడ్ ట్యూబుతోనే ఇచ్చాం. బిడ్డ బాగానే ఉంది. నా చెయ్యి మాత్రం ఇంటికొచ్చాక కూడా లోపల సన్నగా వణుకుతూనే ఉంది.

ఆ రోజు నలభై గ్రాములు నాలుగు సెకన్లలోనే పడిపోయాయి. ధార మధ్యలో గుంట తవ్వింది. కాఫీ రెండున్నర నిమిషాలకే మొత్తం దిగిపోయింది. తాగితే నాలుక పక్కలను పట్టే పులుపు, వెనక ఏమీ లేదు, నీళ్లు. గ్లాసు పక్కన పెట్టి డ్రిప్పర్‌లోకి చూశాను. పొడి నడుమ బావిలా గుంట, గోడ మీద పైదాకా పొడి అతుక్కుని ఎండిపోయి ఉంది. నీళ్లన్నీ ఆ గుంటలోంచే పోయాయి, గోడకు అంటిన పొడిని తాకనే లేదు. అమ్మ వచ్చి గ్లాసు చూసింది.

"ఏందిమే, తాగకుండా పెట్టినావు?"

"బాగలేదు మా. తొందరగా పోసేసినా."

"ఇంకోటి చేసుకోరాదా?"

చేసుకోలేదు. రెండో గ్లాసు చేస్తే అది పరీక్ష అవుతుంది, సాధించాలన్న పట్టు వస్తుంది, నిద్ర ఇంకా దూరం పోతుంది. బాగా రాకపోయినా ఒక్కటే గ్లాసు అని అప్పుడే నియమం పెట్టుకున్నాను. మరుసటి ఉదయం పొడి మార్చలేదు, నీళ్లు మార్చలేదు. ఒక్కటే మార్చాను, గడియారం ముల్లు చూస్తూ నలభైని పది సెకన్లకు సాగదీశాను. రెండు నిమిషాల యాభై ఐదు సెకన్లకు దిగింది. పొడి చదునుగా, గోడ మీద సన్నటి పొర మాత్రమే. పులుపు తగ్గి ఆ ఖర్జూరం వాసన మళ్లీ వచ్చింది. ఒకేసారి రెండు మూడు మార్చి ఉంటే ఏది పని చేసిందో తెలిసేది కాదు.

దీనికి ఎదురు సమస్య, నాలుగు నిమిషాలు దాటినా దిగకపోవడం. పైన బురదలాంటి సన్న పొర పేరుకుంటుంది, తాగాక నోరు వగరుగా ఎండుతుంది. అప్పుడు పొడిని ఒక గీత ముతక చేయాలి. ముతక చేసినా అట్లాగే ఉంటే గ్రైండర్ విప్పి బ్రష్‌తో దుమ్ము దులపండి. సమయం సరిగ్గానే ఉండి రుచి మాత్రం రోజురోజుకూ అట్టముక్కలా మారుతుంటే పొడి పాతబడిందని అర్థం. డీకాఫ్ తొందరగా పాతబడుతుంది, మా ఎండాకాలంలో ఇంకా తొందరగా. పొయ్యి పక్క గూట్లో పెట్టకండి. వారానికి సరిపడా బయట ఉంచి, మిగతా గింజలను గాలి చొరని చిన్న సంచుల్లో కట్టి డీప్ ఫ్రిజ్‌లో పెడతాను. సంచి పూర్తిగా చల్లదనం వదిలాకే విప్పాలి, లేదంటే గింజ మీద చెమ్మ పడుతుంది.

దీంతో కాని పనులు

కాఫీ నిద్రమాత్ర కాదు. వారాల తరబడి పగలు నాలుగు గంటలు కూడా పట్టకపోతే, లేక నిద్రలో ఊపిరి ఆగినట్టు లేస్తుంటే, డాక్టరుకు చూపించుకోవాలి. డీకాఫ్‌లోనూ ఆమ్లం ఉంటుంది. గుండెలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లు తాగిన వెంటనే పండుకోవద్దు, నేను అరగంట కూర్చుంటాను. కడుపు అసలే ఒప్పని వాళ్లు ఇదే వరుసలో కాఫీ పొడికి బదులు వేయించిన బార్లీ రవ్వ వేసి చూడవచ్చు. మా వార్డులో ఒక సిస్టర్ అట్లాగే చేసుకుంటుంది. రుచి వేరు, దాంట్లో కెఫీన్ అసలే ఉండదు, పోసే మూడు నిమిషాలు మాత్రం అవే.

తాగాక పేపరును పొడితో సహా ఎత్తి పెరట్లో కరివేపాకు మొదట్లో బోర్లిస్తాను. డ్రిప్పర్‌ను సబ్బు లేకుండా వేడినీళ్లతో కడిగి, గ్లాసు పక్కన బోర్లా పెడతాను. ఈపాటికి తొమ్మిదింపావు అవుతుంది. గది చీకటిగా ఉంటుంది. వీధిలో కూరగాయల బండి "వంకాయ, బెండకాయ" అని మైకులో మొదలుపెట్టగానే మా అమ్మ వాకిట్లోకి పోయే చెప్పుల చప్పుడు వినబడుతుంది.

"ఓ నాయనా, ఆ మైకు ఆపుకో. మా పాప పండుకుండాది."